జాబితా కరపత్రానికి, మనిషి ప్రసంగానికి: ఒక ట్రస్టు వర్ధంతి సభ కేస్ స్టడీ

కోస్తాలో ఒక జిల్లా కేంద్రం. అక్కడి పెద్దాసుపత్రి ఎదురు సందులో ఒక ట్రస్టు రోజూ మధ్యాహ్నం రోగుల తాలూకు వాళ్ళకి ఉచితంగా భోజనం పెడుతుంది. మంచం మీదున్న రోగికి ఆసుపత్రి భోజనం వస్తుంది, మంచం పక్కన నేల మీద కూర్చున్న భార్యకో తల్లికో రాదు. అది చూసి ఈ ట్రస్టు పెట్టినాయన మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమస్తా. ఊళ్ళో అందరూ ‘పెద్దాయన’ అనే పిలిచేవాళ్ళు కాబట్టి ఇక్కడా అలాగే రాస్తాను. ఆయన రెండో వర్ధంతికి ప్రసంగం రాసిపెట్టమని నన్ను అడిగారు. మాట్లాడేది ఆయన మేనకోడలు. బ్యాంకులో పనిచేసి రిటైరై, ఇప్పుడు మేనేజింగ్ ట్రస్టీగా ఉన్నావిడ.

ముందు నా చేతికి వచ్చింది కోశాధికారి గారు టైపు చేయించిన రెండు పేజీల జాబితా. ఎన్ని భోజనాలు పెట్టారు, షెడ్డు ఎప్పుడు హాలైంది, ఫ్రీజర్ బాక్సు ఎప్పుడు కొన్నారు, రక్తదాన శిబిరాలు ఎన్ని, ఏ కలెక్టరు ఏ సంవత్సరం శాలువా కప్పారు. చివర్లో ‘పై అంశాలు తప్పక ప్రస్తావించగలరు’ అని ఉంది. మేనకోడలు గారు ఫోన్లో అడిగింది మాత్రం వేరు. “ఇవన్నీ ట్రస్టు గురించండీ. మా మావయ్య గురించి ఒక్క ముక్క లేదు ఇందులో. పోయినేడాది ఇదే చదివాను, చదువుతుంటే నాకే ఎవరో తెలియనాయన గురించి చదువుతున్నట్టనిపించింది.”

కోశాధికారి గారిది మొండితనం కాదు. దాతలు వస్తారు, తమ డబ్బు ఏమైందో వాళ్ళకు చెప్పాలి. ఆ అవసరం నిజమైనదే, కాకపోతే అది ప్రసంగం తీర్చాల్సినది కాదు. లెక్కలు కంటితో చదివితే నిలుస్తాయి, చెవితో వింటే నిలవవు. అందుకే జాబితా మొత్తం కరపత్రంలో అచ్చువేసి కుర్చీల్లో పెడదామని, ప్రసంగంలో అందులోంచి ఒక్క పంక్తి కూడా తీసుకోవద్దని అన్నాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. అప్పుడు దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి సంగతి ఎత్తాను.

ఆవిడ జాబితా చిన్నదా? రాజ్యాంగ సభ సభ్యురాలు, ప్రణాళికా సంఘం సభ్యురాలు, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు, 1975లో పద్మ విభూషణ్, అన్నిటినీ మించి ఆంధ్ర మహిళా సభ. ఇవన్నీ పరీక్షలకి చదువుకునే పిల్లలకి తెలుసు. కానీ మామూలు మనిషిని ఆవిడ గురించి ఏదైనా చెప్పమంటే వచ్చేది 1923 కాకినాడ కాంగ్రెస్ కథే. ప్రదర్శన గేటు దగ్గర వాలంటీరుగా నిలబడ్డ ఆ పిల్ల, టికెట్ లేదని నెహ్రూ గారిని ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడ్డారు, చివరికి టికెట్ తెచ్చాకే లోపలికి వదిలింది, నెహ్రూ గారు మెచ్చుకున్నారు. “ఆవిడ పదవులన్నీ నాకూ గుర్తులేవు గానీ టికెట్ కథ గుర్తుందండీ,” అన్నారు కోశాధికారి. కరపత్రానికి ఒప్పుకున్నారు.

ఆ కథ నిలబడటానికి కారణం అందులో ‘ధైర్యం’, ‘నిజాయితీ’ లాంటి మాటలు ఉండటం కాదు. ఆ పిల్లకి నష్టం జరిగే అవకాశం ఉంది. పెద్దవాళ్ళు తిట్టొచ్చు, గేటు దగ్గర్నుంచి పంపేయొచ్చు. అయినా ఆపింది. వర్ధంతి ప్రసంగానికి విషయం సేకరించేటప్పుడు నేను వెతికేది సరిగ్గా దీన్నే: ఫలానా విలువ కోసం ఈ మనిషి ఏం వదులుకున్నాడు, ఎవరితో మాట పడ్డాడు? వదులుకున్నది కనబడకపోతే ఆ విలువని ప్రసంగంలో పెట్టను. దీనికి పక్కనే ఇంకో చిన్న పరీక్ష. రాసిన వాక్యంలో పెద్దాయన పేరు తీసేసి పక్క ఊరి ట్రస్టు వ్యవస్థాపకుడి పేరు పెట్టి చదువుతాను. వాక్యం అలాగే సరిపోతే కొట్టేస్తాను. ‘నిరాడంబరుడు, నిస్వార్థపరుడు, పేదల పెన్నిధి’ మొదటి చదువులోనే పోతాయి.

విషయం కోసం ముందు ట్రస్టు డీడ్ అడిగి చదివాను. చాలామంది రైటర్లు అక్కడే ఆగి, ‘కుల, మత, వర్గ విచక్షణ లేకుండా’ అన్న వాక్యాన్ని వ్యవస్థాపకుడి ఆదర్శంగా ఎత్తిరాస్తారు. ఆ వాక్యం దాదాపు ప్రతి ధర్మాదాయ ట్రస్టు డీడ్‌లోనూ ఉంటుంది. ఫలానా మతం వాళ్ళకో కులం వాళ్ళకో మాత్రమే అని పెడితే ఆదాయపు పన్ను మినహాయింపు చిక్కుల్లో పడుతుంది గనక డాక్యుమెంటు రైటరే రాసేస్తాడు. ఏటా ఆడిట్ చేయించడమూ అంతే. మినహాయింపు కావాలంటే ఒక పరిమితి దాటిన ట్రస్టు చేయించి తీరాల్సిందే. చట్టం చేయించిన పనిని విలువ అని పొగిడితే, సభలో ఉన్న ఆడిటరు మనసులో నవ్వుకుంటాడు. చట్టం అడగకపోయినా ఆయన చేసినది ఏమిటి అన్నదే నా ప్రశ్న.

దానికి జవాబు కాగితాల్లో దొరకదు, మనుషుల దగ్గర దొరుకుతుంది. అడిగే తీరులోనే ఉంది అంతా. ‘పెద్దాయన ఎలాంటివారు?’ అంటే ‘దేవుడండీ’ అంటారు, అక్కడితో సరి. అందుకని నేను అడిగేవి వేరు. ఆయన మీ మీద ఎప్పుడు కోప్పడ్డారు? ఆయన చేసిన దేనికి మీరు ఒప్పుకోలేదు? ఆయన ఊళ్ళో లేనప్పుడు కూడా మీరు మానకుండా చేసిన పనేంటి? మొదట్నుంచీ అక్కడే వండుతున్నావిడ మొదటి ప్రశ్నకే కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది.

“నా మీదా? చాలాసార్లు. ఒకసారి ఒకామె రెండోసారి వచ్చింది. ‘మళ్ళీ వచ్చావా’ అన్నాను. మామూలుగానే అన్నానండీ, తిట్టలేదు. ఆయన విన్నారు. అప్పుడేం అనలేదు. అందరూ వెళ్ళాక పిలిచి, ‘అమ్మా, వడ్డించేవాళ్ళు ఒక్క ప్రశ్నే అడగాలి, ఇంకా వెయ్యనా అని. రెండో ప్రశ్న నువ్వడగొద్దు’ అన్నారు. ఇంటికెళ్ళి ఏడ్చాను.”

ఇదే విషయం ఆయనతో పడనివాళ్ళ నోటినుంచి కూడా రావాలి. వచ్చింది. రెండో ప్రశ్న అడగకపోవడం వల్ల చుట్టుపక్కల షాపుల్లో పనిచేసేవాళ్ళు కూడా వచ్చి తినేవారని, బియ్యం ఖర్చు పెరిగిందని, టోకెన్లు పెడదామంటే ఆయన చివరిదాకా ఒప్పుకోలేదని ఒక పాత ట్రస్టీ కాస్త కోపంగానే చెప్పారు. అంటే ఆ విలువకి ఖర్చు ఉంది, ఆ ఖర్చు ఆయనకి తెలుసు, తెలిసే భరించారు. నాకు కావలసింది అదే.

అన్ని కథలూ ఇలా నిలబడవు. ఒకాయన ఎంతో భక్తిగా చెప్పారు: “ఆయన గుప్తదానాలే తీసుకునేవారండీ, ఎవరిచ్చారో రాసుకునేవారు కాదు.” వినడానికి బాగుంది. కానీ నాకు అనుమానం వచ్చింది. ధర్మాదాయ ట్రస్టుకి వచ్చే పేరులేని విరాళాల మీద, కొంత పరిమితి పోను, 2006 నుంచీ ప్రత్యేకంగా పన్ను ఉంది. పూర్తిగా మతసంబంధమైన సంస్థలకి ఆ బాధ లేదు, అందుకే గుడి హుండీ గుడి హుండీలా సాగుతుంది. అన్నం పెట్టే ట్రస్టుకి అలా కుదరదు. గుమస్తాగా బతికిన మనిషికి ఇది తెలియకుండా ఉంటుందా? రసీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్ళు తీయించాను. పెద్దాయన చేతిరాతతో ప్రతి దానిమీదా పేరు, ఊరు, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉన్నాయి. పదకొండు రూపాయలకి కూడా రసీదు ఉంది. కాబట్టి గుప్తదానం కథ పోయింది. దానికి బదులు అంతకంటే మంచిది దొరికింది: పేరు పుస్తకంలో తప్పనిసరిగా ఉండాలి, గోడ మీద మాత్రం ఉండకూడదు.

గోడ సంగతి వంటావిడే చెప్పింది. అప్పట్లో అది రేకుల షెడ్డు. ఎండాకాలం మధ్యాహ్నం లోపల కూర్చుంటే అన్నంలో చెమట పడేది. ఒక వ్యాపారి వచ్చి ఫ్యాన్లు పెట్టిస్తానన్నాడు, వీలైతే శ్లాబు కూడా వేయిస్తానన్నాడు. ఆయన అడిగిందల్లా వాళ్ళ నాన్నగారి ఫోటో భోజనాల గోడకి పెట్టమని. పెద్దాయన రసీదు నాన్నగారి పేరు మీద ఇస్తానన్నారు, ఫోటో ఆఫీసు గదిలో పెడతానన్నారు, భోజనాల గోడకి మాత్రం వద్దన్నారు. వ్యాపారి వెళ్ళిపోయాడు. “రెండు ఎండాకాలాలు ఆయన్ని తిట్టుకుంటూనే వండానండీ,” అంది వంటావిడ. “ఎందుకండీ ఇంత పట్టుదల అంటే, తినేవాడు తలెత్తితే ఇది ఎవరి అన్నమో కనబడకూడదు అన్నారు.” తర్వాత యార్డు హమాలీలు తలా కొంత వేసుకుని నాలుగు ఫ్యాన్లు కొన్నారు. చిట్టాలో ఆ పద్దు ఉంది, రసీదుల్లో ఆ హమాలీల పేర్లున్నాయి. వంటావిడ జ్ఞాపకమూ చిట్టా ఒకటే చెబుతున్నాయి కాబట్టి ఈ కథ ప్రసంగానికి వెన్నెముక అవుతుందని అప్పుడే అనుకున్నాను.

చిక్కు కూడా అక్కడే మొదలైంది. ఆయన పోయాక హాలు బాగుచేశారు. ఇప్పుడా భోజనాల గోడకి గ్రానైటు రాళ్ళ మీద దాతల పేర్లున్నాయి. సభ జరిగేది అదే హాల్లో. టోకెన్లు కూడా వచ్చేశాయి, వార్డు చీటీ చూపిస్తేనే ఇస్తారు. గేటు దగ్గర పెద్దాయన రోజూ సుద్దముక్కతో రాసే నల్లబల్ల మూల పడింది. దానిమీద మూడు పంక్తులుండేవి: నిన్న వచ్చినది, నిన్న అయినది, మిగిలినది. కిరాణా కొట్టుకి బాకీ పడితే ‘బాకీ’ అని కూడా రాసేవారు. ఇప్పుడు లెక్కలు ట్రస్టీల వాట్సాప్ గ్రూపులో వస్తున్నాయి.

సాధించిన వాటి జాబితా చదివితే ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఎందుకంటే అవన్నీ అయిపోయినవి. విలువల గురించి మాట్లాడితే ప్రతి వాక్యమూ వేదిక మీదున్నవాళ్ళని ‘మరి మీరు?’ అని అడుగుతుంది. ట్రస్టులు జాబితాల వైపు వెళ్ళడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం, తీరిక లేకపోవడం కాదు. రైటరు దీన్ని గమనించకుండా మంచి కథ దొరికిందని రాసిచ్చేస్తే, పాపం చదివే మనిషి వేదిక మీద ఇరుక్కుంటుంది. కాబట్టి రాతకి కూర్చోకముందే ట్రస్టీలతో ఒక మీటింగు పెట్టమన్నాను.

కోశాధికారి గారు సూటిగానే అన్నారు. “ఎదురుగా రాళ్ళు పెట్టుకుని ఫ్యాన్ల కథ చెబితే దాతల్ని అవమానించినట్టే కదండీ?” అక్కడ మూడు విషయాలూ మూడు రకాలుగా తేలాయి. టోకెన్లు తీసేయడం కుదరదని అందరూ అన్నారు. వచ్చేవాళ్ళు పెరిగారు, డబ్బు ఆ మేరకు పెరగలేదు. అయితే ఆ మాట దాచకుండా వేదిక మీద చెప్పేద్దామన్నాను. వ్యవస్థాపకుడి పద్ధతి మార్చుకోవడం తప్పేం కాదు. మార్చి, ‘ఆయన బాటలోనే నడుస్తున్నాం’ అంటేనే విన్నవాళ్ళకి ఒళ్ళు మండుతుంది. రాళ్ళ విషయంలో, పేరున్న దాతల ఇళ్ళకి మేనకోడలు గారే ముందుగా వెళ్ళి ఈ కథ సభలో చెప్పబోతున్నామని చెప్పి వచ్చారు. పెద్ద దాత విని, “సరే చెప్పండమ్మా,” అన్నారట, అంతే. సంతోషపడ్డారో లేదో తెలియదు గానీ సభలో తొలిసారి విని ఉలిక్కిపడే పరిస్థితి మాత్రం తప్పింది. వ్యాపారి కథలో ఆయన వ్యాపారం, ఊరు, సంవత్సరం తీసేశాను. వాళ్ళ పిల్లలు ఊళ్ళోనే ఉన్నారు.

ఇక నల్లబల్ల. దాన్ని మళ్ళీ మొదలుపెడతామని ప్రసంగం చివర్లో ప్రకటిద్దామని మేనకోడలు గారి ఆలోచన. “రోజూ ఎవరు రాస్తారమ్మా?” అన్నారు కోశాధికారి. ప్రశ్న సబబైనదే. కూరగాయలు తెచ్చే కుర్రాడు ఎలాగూ చీటీ రాస్తున్నాడు, అదే బల్ల మీద కూడా రాస్తే సరిపోతుందని తేలింది. వేదిక మీద చేస్తామని చెప్పేదేదైనా అప్పటికే జరుగుతూ ఉండాలని నా షరతు. అందుకని సభకి పది రోజుల ముందే బల్ల గేటుకి ఎక్కింది. మొదట్లో కుర్రాడు ‘మిగిలినది’ అన్న పంక్తి వదిలేసేవాడు, మైనస్ వచ్చినరోజు రాయడానికి సిగ్గనిపించి. అది సర్దుకున్నాకే ప్రసంగంలో చివరి పేరా రాశాను.

నిడివి గురించి ఒక్క మాట. నా అలవాటు లెక్కలో తెలుగు నిదానంగా చదివితే నిమిషానికి తొంభై మాటలకి మించి పోవు. ఎనిమిది నిమిషాలంటే ఏడొందల మాటలు. అందులో మూడు కథలకి చోటు ఉంటుంది, నాలుగోది పెడితే అన్నీ పలచబడతాయి. వేదికని అలంకరించిన పెద్దల పేర్లన్నీ చదివితే రెండు నిమిషాలు అక్కడే ఆవిరి. ఆ పని వ్యాఖ్యాతకి అప్పగించి, ఆవిడ నేరుగా విషయంలోకి దిగేలా రాశాను. మొదలు ఇలా ఉంది:

“అందరికీ నమస్కారం. ట్రస్టు ఏం చేసిందో మీ కుర్చీలో ఉన్న కాగితంలో ఉంది, తీరిగ్గా చదవండి. నేను మా మావయ్య గురించి చెబుతాను. ఆయన మంచివాడని మీకు తెలుసు. ఆయన ఎంత మొండివాడో ఇక్కడ వంట చేసే అమ్మకి, నాకు, మా అత్తయ్యకి తెలుసు. ఆ మొండితనం గురించే చెబుతాను.”

‘మొండివాడు’ అన్న మాట మీద ఇంట్లో కాస్త చర్చ జరిగింది. పెద్దాయన భార్య ఉన్నారు, ఆవిడ ముందు వరసలో కూర్చుంటారు. తిథి ప్రకారం ఆబ్దికం కొన్నాళ్ళ ముందే ఇంట్లో అయిపోయింది, ఈ సభ ఇంగ్లీషు తేదీకి. ప్రసంగం ఎవరికైనా ముందు చదివి వినిపించాలంటే ఆవిడకే అని నేను పట్టుబట్టాను. ఆవిడ విని, “మొండివాడే కదే, మెత్తగా రాశారు,” అన్నారు. దాంతో ఆ మాట ఖాయమైంది. పోయినవాళ్ళ గురించి లోపమే లేకుండా మాట్లాడితే వినేవాళ్ళు మంచి మాటల్ని కూడా నమ్మరు. అలాగని ఏ లోపమైనా చెప్పొచ్చని కాదు. ఆ విలువకి వెనకవైపుగా ఉన్న లోపాన్నే చెప్పాలి. ఆయన పట్టుదలకి వెనకవైపు ఇంట్లోవాళ్ళూ వంటావిడా పడ్డ ఇబ్బంది. ఆయనకున్న మిగతా లోపాలు ఆ ఇంటివి, సభవి కావు.

ఫ్యాన్ల కథ రాసేటప్పుడు పెద్ద మాటలన్నీ తీసేసి జరిగింది జరిగినట్టు పెట్టాను:

“ఆ ఏడు ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. ఈ హాలు అప్పుడు రేకుల షెడ్డు. ఒక పెద్దమనిషి వచ్చి ఫ్యాన్లు పెట్టిస్తానన్నారు. వాళ్ళ నాన్నగారి ఫోటో ఈ గోడకి పెట్టమన్నారు. కొడుకుగా ఆయన కోరింది న్యాయమే. మావయ్య రసీదు ఇస్తానన్నారు, ఆఫీసు గదిలో ఫోటో పెడతానన్నారు. ఈ గోడకి వద్దన్నారు. ఫ్యాన్లు రాలేదు. రెండు ఎండాకాలాలు రాలేదు. మన వంటమ్మ అడిగింది, ఎందుకండీ అని. తినేవాడు తలెత్తితే ఇది ఎవరి అన్నమో కనబడకూడదు అన్నారు. ఆ తర్వాత యార్డు హమాలీలు నాలుగు ఫ్యాన్లు కొనిచ్చారు. వాళ్ళ పేర్లు మన రసీదు పుస్తకంలో ఉన్నాయి.”

‘కొడుకుగా ఆయన కోరింది న్యాయమే’ అన్న వాక్యం లేకపోతే ఈ పేరా మొత్తం దాతల మీద దెప్పుడయ్యేది. గ్రానైటు రాళ్ళ గురించి ఒక్క మాట కూడా రాయలేదు. అందరూ ఆ గోడ ఎదురుగానే కూర్చుంటారు, నేను వేలెత్తి చూపక్కర్లేదు. ఇలాంటి చోట రైటరు వ్యాఖ్యానం పెడితే కథ బలం సగానికి సగం పోతుంది. ‘దీన్నిబట్టి ఆయన ఎంత నిరాడంబరులో అర్థమవుతుంది’ అన్న వాక్యాన్ని మేనకోడలు గారు తన చేత్తో చేర్చారు, నేను కొట్టేశాను, మళ్ళీ చేర్చారు. చివరికి గట్టిగా చదివి చూసుకుని ఆవిడే తీసేశారు.

రెండో ప్రశ్న కథ చెప్పేటప్పుడు ఆ అన్నానికి వచ్చినామె ఎవరో, ఏ వార్డో, ఏ జబ్బుకి వచ్చారో ఏదీ లేదు. ఒక ట్రస్టీ, అలా లబ్ధి పొందినవాళ్ళని ఒకరిని వేదిక మీదకి పిలిపించి మాట్లాడిద్దామన్నారు. తినేవాళ్ళని ప్రశ్నలే అడగొద్దన్న మనిషి వర్ధంతికి ఒకళ్ళని మైకు ముందు నిలబెట్టి కృతజ్ఞత చెప్పించడం ఎలా కుదురుతుంది? అది ఆగిపోయింది. ఆ కథ తర్వాత వచ్చే మాటలివి:

“ఇప్పుడు మేం టోకెన్లు పెట్టాం. మావయ్య ఉంటే ఒప్పుకునేవారు కాదు. వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు, అందరికీ సరిపోవాలని పెట్టాం. అది మా నిర్ణయం, ఆయనది కాదు. కానీ టోకెన్ తీసుకుని లోపలికి వచ్చాక అడిగే ప్రశ్న మాత్రం ఇప్పటికీ ఒక్కటే.”

ఆ చివరి వాక్యం నిజమో కాదో వెళ్ళి చూశాకే ఉంచాను. వరుసగా కొన్ని మధ్యాహ్నాలు వడ్డన దగ్గర నిలబడితే, కొత్తగా చేరిన ఒకరిద్దరు ‘ఏ ఊరు, ఎవరికి బాగాలేదు’ అని అడుగుతున్నారు. ప్రేమగానే అడుగుతున్నారు. వంటావిడకి చెబితే ఆవిడే చూసుకుంది.

కాగితం తయారీ కూడా ఈ పనిలో భాగమే. అక్షరాలు పెద్దవి, పంక్తుల మధ్య ఎడం, ఒక వాక్యం రెండు పేజీల మధ్య విరగకూడదు, ఒకవైపే ప్రింటు. ఆవిడ గొంతు పట్టేసే చోటు ఎక్కడో రిహార్సల్లోనే తెలిసింది. నేననుకున్నట్టు ఫ్యాన్ల కథ కాదు, ‘మా అత్తయ్యకి తెలుసు’ అన్న చోట. అక్కడ వాక్యాన్ని మార్చకుండా, దాని తర్వాతది పొట్టిగా, పొడిగా ఉంచాను. గొంతు బిగిసినప్పుడు పొడవైన వాక్యం అందుకోలేరు. చిన్నదైతే చెప్పేసి, ఆ ఊపులో ముందుకు పోతారు. నీళ్ళ గ్లాసు మైకు పక్కన కాకుండా చేతికి అందేలా పెట్టించాం.

సభ అనుకున్న వేళకి మొదలు కాలేదు. ప్రజాప్రతినిధి ఆలస్యమయ్యారు, జ్యోతి ప్రజ్వలన ఆయన వచ్చేదాకా ఆగింది. ఆయన ప్రసంగంలో జాబితా అంతా కరపత్రం చూసి చదివేశారు. అది మాకు మేలే అయింది. మేనకోడలు గారి వంతు వచ్చేసరికి జాబితా ఎలాగూ అయిపోయింది. ‘మొండివాడు’ అనగానే వెనక వరసల్లో యార్డు వాళ్ళు నవ్వారు, ముందు వరసలో అత్తయ్యగారూ నవ్వారు. ఫ్యాన్ల కథ దగ్గర తలలు గోడవైపు తిరిగాయి. అప్పుడు నేను చూసింది పెద్ద దాతనే. ఆయన కదల్లేదు. టోకెన్ల మాట దగ్గర పాత ట్రస్టీ మొహం చిట్లించుకున్నారు. ఆయన ఒప్పుకుని వచ్చిన వాక్యమే, వేదిక మీద వినడం వేరుగా ఉంటుంది.

చివర్లో ‘ఆయన ఆశయాలను కొనసాగిద్దాం’ లేదు. ఆవిడ కళ్ళజోడు సవరించుకుని ఇంకో కాగితం తీశారు. కూరగాయల కుర్రాడి చీటీ అది. నిన్న వచ్చినది ఇంత, నిన్న అయినది ఇంత, మిగిలినది లేదు, కిరాణాకి బాకీ ఇంత అని మూడు పంక్తులూ చదివారు. “ఇది పది రోజులుగా గేటు దగ్గర ఉంది, ఇకముందూ ఉంటుంది. సెలవు,” అని కూర్చున్నారు. బాకీ అంకె వినగానే కోశాధికారి గారు ఇబ్బందిగా కదిలారు. సభ అయ్యాక ఆ బాకీ నేను తీరుస్తానంటూ ఇద్దరు వచ్చారు. ఒకరు గోడ మీద పేరు ఎక్కడ వేస్తారని అడిగారు. రసీదు పుస్తకంలో అని ఆవిడ చెప్పారు. ఆయన మళ్ళీ వస్తానని వెళ్ళారు.

తర్వాతి ట్రస్టీల మీటింగులో కొత్త రాళ్ళు పెట్టకూడదని తీర్మానం చేశారు. పాతవి తీయడం మీద ఏకాభిప్రాయం రాలేదు, అవి అలాగే ఉన్నాయి. మూడో వర్ధంతికి ఇదే ప్రసంగం కాస్త మార్చి ఇవ్వమని అడిగారు. కుదరదన్నాను, ఎందుకంటే ఆ కథలు ఇప్పుడు ఊరికి తెలుసు, రెండోసారి చదివితే అదీ ఒక జాబితానే. ఈసారి యార్డులో ఆయనతో పనిచేసిన హమాలీలని, కమిషన్ కొట్టు వాళ్ళని అడిగి చూడమని, మొదటి ప్రశ్నగా కోపం గురించే అడగమని ప్రశ్నల కాగితం మాత్రం ఇచ్చాను.